టోకు కొనుగోలుదారుకు మొదటి సందేశం: మన హోల్‌సేల్ రేట్లను పరిచయం చేసే పద్ధతి

చిన్న తయారీ యూనిట్లు నడిపేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. పెద్ద మొత్తంలో కొనగలిగిన వారికి మొదటిసారి రాసేటప్పుడు రేటు చెప్పాలా, లేక వారు అడిగేదాకా ఆగాలా? చెప్పాలనే నా అభిప్రాయం. అయితే రేటు అంటే ఒక్క అంకె కాదు. ఎన్ని కొంటే, ఏ నాణ్యతకు, ఎక్కడ అప్పగిస్తే, ఎప్పటిదాకా, ఏ చెల్లింపు పద్ధతిలో అన్న వివరాలు తోడైనప్పుడే ఆ అంకెకు అర్థం ఉంటుంది. సందేశం చదివిన వ్యక్తి మనల్ని మళ్లీ ఏమీ అడగకుండానే, ఒక్కో వస్తువు తన గోదాముకు చేరేసరికి ఎంతకు పడుతుందో లెక్క వేసుకోగలగాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క లక్ష్యం చుట్టూనే సాగుతుంది.

వివరణ కోసం ఒకే ఉదాహరణను చివరిదాకా తీసుకువెళ్తాను. ఒక చిన్న యూనిట్ ఒక రంగు ప్రింటుతో గుడ్డ సంచులు కుడుతుంది. 12 దుకాణాలు ఉన్న ఒక సంస్థకు వాటిని టోకుగా అమ్మాలనుకుంటోంది. అంకెలకు కరెన్సీ పేరు పెట్టడం లేదు. మీ లెక్కలను మీ కరెన్సీలో వేసుకోండి.

1. రాయడానికి ముందు: మన ఖరీదు మనకు తెలియాలి

చాలామంది పోటీదారుల రేటు చూసి, అందులో కొంత తగ్గించి, దాన్నే తమ హోల్‌సేల్ రేటుగా పంపుతారు. ఆర్డర్ వచ్చాక గాని తెలియదు, ఆ రేటుకు గిట్టదని. అందుకే ఖర్చులను రెండు భాగాలుగా విడదీసి కాగితం మీద పెట్టడం మొదటి పని.

మొదటి భాగం ప్రతి సంచికీ అయ్యే ఖర్చు. మన ఉదాహరణలో గుడ్డ, పట్టీలు, దారం, సిరా కలిపి 42, కుట్టుకూలి 14, ప్యాకింగ్ 4 అవుతాయి. అద్దె, కరెంటు, జీతాలలో ఒక్కో సంచికి వచ్చే వాటా 12. ఈ నాలుగూ కలిపితే 72. కత్తిరింపులో పోయే గుడ్డను, అంటే తరుగును, ఆ 42లోనే కలపాలి. దాన్ని మరిచిపోతే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

రెండో భాగం ఒక్కో ఆర్డర్‌కు ఒకేసారి అయ్యే ఖర్చు. ప్రింటు కోసం స్క్రీన్ తయారు చేయడం, కత్తిరింపు కొలతలు సిద్ధం చేయడం, ఆమోదానికి శాంపిల్ కుట్టి పంపడం, కాగితాల పని ఈ కోవలోకి వస్తాయి. వీటికి 1,500 అవుతుందనుకుందాం. ఆర్డర్ 50 సంచులైనా 3,000 సంచులైనా ఈ ఖర్చులో పెద్ద మార్పు ఉండదు. హోల్‌సేల్ రేట్లు ఎందుకు తగ్గుతాయో, ఎక్కడ తగ్గడం ఆగిపోతుందో ఈ 1,500ను పంచి చూస్తేనే అర్థమవుతుంది.

- 50 సంచులకు: సంచికి 30, మొత్తం ఖరీదు 102
- 200 సంచులకు: సంచికి 7.50, మొత్తం 79.50
- 500 సంచులకు: సంచికి 3, మొత్తం 75
- 1,000 సంచులకు: సంచికి 1.50, మొత్తం 73.50
- 3,000 సంచులకు: సంచికి 0.50, మొత్తం 72.50

50 నుంచి 200కు వెళ్లినప్పుడు ఖరీదు 22.50 తగ్గింది. 1,000 నుంచి 3,000కు వెళ్లినప్పుడు మాత్రం తగ్గింది కేవలం 1. ఆర్డర్ మూడింతలైంది కదా అని అక్కడ పెద్ద తగ్గింపు ఇస్తే, అది మన లాభంలోంచే పోతుంది. ఆ స్థాయిలో నిజంగా తగ్గించాలంటే ఖర్చు మరో చోట తగ్గాలి. మన ఉదాహరణలో 3,000 సంచులకైతే గుడ్డను మొత్తం చుట్టలుగా కొనవచ్చు కాబట్టి సంచికి మరో 2 కలిసివస్తుంది, ఖరీదు 70.50కు దిగుతుంది. మీ సరుకులో ఇలాంటి ఆదా ఎక్కడ ఉందో వెతకండి. లేకపోతే ఆ మెట్టు దగ్గర రేటు తగ్గించకండి.

2. పరిమాణాల మెట్లు వేయడం

పై లెక్క చేతిలో ఉంటే రేట్ల మెట్లు వేయడం కష్టం కాదు. మన యూనిట్ ఇలా నిర్ణయించుకుంది.

- 200 నుంచి 499 వరకు: సంచికి 100
- 500 నుంచి 999 వరకు: సంచికి 94
- 1,000 నుంచి 2,999 వరకు: సంచికి 90
- 3,000, ఆపైన: సంచికి 86

ప్రతి మెట్టులోనూ అతి తక్కువ పరిమాణం దగ్గర లాభం చూసుకోవాలి. ఎందుకంటే మనకు గిట్టుబాటు అతి తక్కువగా ఉండేది అక్కడే. ఇక్కడ 200 దగ్గర 20.50, 500 దగ్గర 19, 1,000 దగ్గర 16.50, 3,000 దగ్గర 15.50 మిగులుతుంది. కనీస ఆర్డర్ 200 అని ఎందుకు పెట్టారో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. 50 సంచులను 100 చొప్పున ఇస్తే, 102 ఖరీదు చేసే సరుకును నష్టానికి ఇచ్చినట్టే. కనీస ఆర్డర్ ఎంతో చెప్పడానికి మొహమాటపడేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూసుకుంటే మొహమాటం పోతుంది.

మెట్లలో దాగి ఉండే ఒక చిక్కును కూడా చూడాలి. 480 సంచులు 100 చొప్పున కొంటే 48,000 అవుతుంది. 500 సంచులు 94 చొప్పున కొంటే 47,000 మాత్రమే. ఎక్కువ సరుకు తక్కువ డబ్బుకు వస్తోందన్న మాట. కొనుగోలుదారు ఇది కనిపెడితే మన రేట్ల పట్టికను లెక్క లేకుండా వేశామని అనుకుంటాడు. దీనికి విరుగుడు, ఆర్డర్‌ను పెట్టెల లెక్కన మాత్రమే తీసుకోవడం. పెట్టెకు 50 సంచులు పడితే, 500కు ముందు వచ్చే పరిమాణం 450. దాని విలువ 45,000, కాబట్టి చిక్కు లేదు. 950కి 89,300, 1,000కి 90,000. అక్కడా సరిగ్గానే ఉంది. కానీ 2,900కి 2,61,000 అవుతుంది, 3,000కి 2,58,000 చాలు. ఈ చివరి మెట్టు దగ్గర చిక్కు మిగిలే ఉంది. ఎవరైనా 2,900 అడిగితే 3,000 తీసుకోమని మనమే ముందుగా చెప్పడం మర్యాద, వ్యాపారానికి కూడా మంచిది.

చివరగా, ప్రతి మెట్టుకూ ఇంతకన్నా దిగకూడదు అనుకునే అంకెను విడిగా రాసి పెట్టుకోండి. మన యూనిట్ 1,000 సంచులకు 84ను ఆ గీతగా పెట్టుకుంది. ఇది సందేశంలోకి రాదు. ఫోన్‌లో బేరం మొదలైనప్పుడు తడబడకుండా ఉండడానికే ఇది పనికొస్తుంది.

3. ఎవరికి, ఏ మెట్టు చూపాలి

నాలుగు మెట్లనూ, ఉన్న సరుకులన్నింటినీ మొదటి సందేశంలోనే కుమ్మరించకూడదు. చదివేవారికి ఏది తమదో తెలియాలి. అందుకు వారి అవసరాన్ని ముందుగా అంచనా వేయాలి.

మన ఉదాహరణలో 12 దుకాణాలున్నాయి. ఒక్కో దుకాణానికి మొదటి విడతగా 80 సంచులు అనుకుంటే 960 అవుతుంది. అంటే వారి మెట్టు 1,000 దగ్గర ఉంటుంది. దాన్ని ప్రధాన రేటుగా చెప్పి, దానికి కింద ఒకటి, పైన ఒకటి చూపితే సరిపోతుంది. కింది మెట్టు వారు చిన్నగా మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుంది. పై మెట్టు, అంచనా తక్కువైతే పనికొస్తుంది. మూడు అంకెలు మనసులో నిలుస్తాయి. పద్నాలుగు అంకెలు నిలవవు.

అలాగే సందేశం ఎవరికి చేరాలో కనుక్కోండి. సాధారణ సమాచారం కోసం పెట్టిన చిరునామాకు పంపిన రేట్లు చాలాసార్లు కొనుగోలు చూసేవారి దాకా చేరవు. ఒకసారి ఫోన్ చేసి, కొత్త సరఫరాదారుల వివరాలు ఎవరికి పంపాలని అడిగితే చెబుతారు. ఆ ఫోన్‌లో రేట్ల ప్రస్తావన వద్దు.

4. అంకె పక్కన తప్పక ఉండాల్సిన వివరాలు

మార్గదర్శి మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన భాగం ఇదే. సంచికి 90 అన్న మాట ఒక్కటే రాస్తే, దాన్ని చదివినవారు తమకు అనుకూలంగా అర్థం చేసుకుంటారు. అందులో వారి తప్పేమీ లేదు.

*సరుకు వివరం.* కొనుగోలుదారు దగ్గర మరొకరి రేటు 75 ఉండవచ్చు. మన 90 దానికన్నా ఎందుకు ఎక్కువో కొలతల్లో తెలియాలి. నాణ్యమైన, దృఢమైన వంటి మాటలను ప్రతి ఒక్కరూ రాస్తారు, కాబట్టి వాటికి విలువ లేదు. గుడ్డ మందాన్ని జీఎస్‌ఎంలో చెప్పాలి, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పాలి. మన సంచి 35×40 సెం.మీ., 280 జీఎస్‌ఎం. పట్టీలు, అంచులతో కలిపి ఒక్కో సంచికి 0.34 చదరపు మీటర్ల గుడ్డ పడుతుంది కాబట్టి సంచి సుమారు 95 గ్రాములు తూగుతుంది. ఈ బరువును సందేశంలో రాయడం ఎంతో ఉపయోగం. శాంపిల్ అందగానే వారు తూకం వేసి చూసుకోవచ్చు. పోటీదారు సంచి 60 గ్రాములే తూగితే, 75కూ 90కూ తేడా ఎందుకో మనం చెప్పాల్సిన అవసరమే ఉండదు.

*రేటులో ఏమేమి కలిశాయి.* ప్రింటు ఎన్ని రంగులు, ఒకవైపా రెండువైపులా, ప్యాకింగ్ కలిసిందా, పన్ను కలిసిందా అన్నవి స్పష్టంగా ఉండాలి. స్క్రీన్ ప్రింటులో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి, ఒక్కో రంగునూ విడిగా అద్దాలి. ఒకసారి నేను ప్రింటుతో సహా అని మాత్రమే రాసి పంపాను. కొనుగోలుదారు రేటును ఒప్పుకున్నారు, ఆ తరువాత నాలుగు రంగుల గుర్తును పంపారు. మీరే ప్రింటుతో సహా అన్నారు కదా అని వారు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. అదనపు మూడు రంగుల ఖర్చు నా చేతి నుంచే పడింది. అప్పటి నుంచి ఒకవైపు, ఒక రంగు అని రాయకుండా ఏ సందేశమూ పంపలేదు.

*అప్పగించే చోటు.* రేటు మన యూనిట్ గుమ్మం దగ్గరా, వారి గోదాము దగ్గరా? రవాణా వారిదైతే, దాన్ని లెక్క వేసుకోవడానికి పెట్టె కొలతలు, బరువు ఇవ్వాలి. మన పెట్టెలో 50 సంచులు, కొలత 42×37×16 సెం.మీ., బరువు సుమారు 5.5 కిలోలు. ఈ మూడు అంకెలతో వారు తమ రవాణా సంస్థను అడిగి ఖర్చు తెలుసుకోగలరు. విదేశీ కొనుగోలుదారైతే అంతర్జాతీయ వాణిజ్య మండలి ప్రచురించిన ఇన్‌కోటెర్మ్స్ 2020 నియమాల్లో ఏది వర్తిస్తుందో, దాని పక్కన ఊరి పేరుతో సహా రాయాలి. ఉదాహరణకు, వాటిలో ఒకటైన ఎక్స్ వర్క్స్ అంటే సరుకును మన ఆవరణలో అప్పగించడమే, అక్కడి నుంచి రవాణా ఖర్చూ బాధ్యతా కొనుగోలుదారువే.

*చెల్లింపు.* అరవై రోజుల అరువుకు ఇచ్చే 90, అడ్వాన్స్‌తో ఇచ్చే 90 ఒకటి కావు. మనకు డబ్బు నెలకు 1.5 శాతానికి దొరుకుతుందనుకుంటే, రెండు నెలల అరువు వల్ల సంచికి 2.70 పోతుంది. అందుకే రేటు ఏ చెల్లింపు పద్ధతికో చెప్పాలి. ఉదాహరణకు, ఆర్డర్‌తో 50 శాతం, సరుకు పంపే ముందు మిగతా 50 శాతం.

*గడువులు.* ఇవి రెండు. రేటు ఏ తేదీ దాకా చెల్లుతుందన్నది ఒకటి, సరుకు ఎన్ని రోజుల్లో సిద్ధమవుతుందన్నది మరొకటి. రోజుకు 150 సంచులు కుట్టే యూనిట్‌కు 1,000 సంచులు ఏడు రోజుల పని, 3,000 సంచులు ఇరవై రోజుల పని. స్క్రీన్ తయారీ, శాంపిల్ ఆమోదం కలుపుకొని మొదటిదానికి 15 పనిదినాలు, రెండోదానికి 28 పనిదినాలు చెప్పడం న్యాయం. అన్ని మెట్లకూ ఒకే గడువు రాస్తే పెద్ద ఆర్డర్ వచ్చినరోజే మాట తప్పినట్టవుతుంది.

చెల్లుబాటు తేదీ రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సరుకు, పరిమాణం, ధర స్పష్టంగా చెప్పి, ఫలానా తేదీలోగా ఒప్పుకోవచ్చని ఒకరికి రాస్తే, చాలా చట్టాల్లో దాన్ని మనం కట్టుబడాల్సిన ప్రతిపాదనగా చూసే అవకాశం ఉంది. దేశాల మధ్య సరుకుల అమ్మకానికి సంబంధించిన 1980 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం కూడా ఈ దిశలోనే ఉంది. కాబట్టి ఆర్డర్‌ను మేము లిఖితపూర్వకంగా ధ్రువీకరించిన తరువాతే ఒప్పందం ఖాయమవుతుందని ఒక వాక్యం చేర్చండి. చేతిలో ఉన్న పనిని బట్టి కొత్త ఆర్డర్ తీసుకోవాలో వద్దో నిర్ణయించుకునే వీలు మనకు మిగులుతుంది.

5. సందేశంలో ఏది ముందు, ఏది తరువాత

1. విషయం పంక్తిలో సరుకు, పరిమాణం, రేటు అన్న మాట ఉండాలి. వ్యాపార ప్రతిపాదన అని మాత్రమే ఉంటే తెరవరు.
2. మొదటి రెండు వాక్యాల్లో మనం ఎవరం, వారికే ఎందుకు రాస్తున్నాం అన్నది చెప్పాలి. సంస్థ చరిత్ర ఇక్కడ వద్దు.
3. వెంటనే సరుకు వివరం, కొలతలతో.
4. ఆ తరువాత మూడు రేట్లు, ఒక్కో పంక్తిలో ఒకటి.
5. రేట్ల కిందే షరతులు.
6. చివర్లో ఒకే ఒక్క అభ్యర్థన. శాంపిల్ పంపడానికి చిరునామా అడగడం వీటన్నిటిలో తేలిక.

రేట్లను సందేశంలోనే రాయాలి, జోడించిన ఫైల్‌లో మాత్రమే పెట్టకూడదు. పరిచయం లేనివారు పంపిన ఫైల్ తెరవడానికి చాలామంది సందేహిస్తారు. పట్టికగా పెట్టిన అంకెలు ఫోన్ తెర మీద చెదిరిపోతాయి కాబట్టి విడివిడి పంక్తులే మేలు.

6. పూర్తి సందేశం

> విషయం: గుడ్డ సంచులు (35×40 సెం.మీ.) – 1,000 సంచులకు హోల్‌సేల్ రేటు
>
> కొనుగోలు విభాగం అధికారి గారికి,
>
> నమస్కారం. మేము గుడ్డ సంచులు కుట్టే చిన్న తయారీ యూనిట్‌ను నడుపుతున్నాము. మీ 12 దుకాణాల్లో సంస్థ గుర్తు ఉన్న సంచులు అమ్ముతున్నట్టు మీ వెబ్‌సైట్‌లో చూసి, మా రేట్లు తెలియజేయడానికి రాస్తున్నాను.
>
> సరుకు: నూలు కాన్వాస్ సంచి, 35×40 సెం.మీ., 280 జీఎస్‌ఎం, బరువు సుమారు 95 గ్రాములు. ఒకవైపు, ఒక రంగులో మీ గుర్తు ప్రింటు.
>
> ఒక్కో దుకాణానికి 80 సంచుల చొప్పున లెక్క వేసి, 1,000 సంచుల రేటును ప్రధానంగా ఇస్తున్నాను.
>
> 1,000 సంచులకు: సంచికి 90
> 500 సంచులకు: సంచికి 94
> 3,000 సంచులకు: సంచికి 86
>
> రేటులో పైన చెప్పిన ప్రింటు, ప్యాకింగ్ కలిసి ఉన్నాయి. పన్ను, రవాణా అదనం. సరుకును మా యూనిట్ దగ్గర అప్పగిస్తాము. పెట్టెకు 50 సంచులు, 42×37×16 సెం.మీ., సుమారు 5.5 కిలోలు. ఆర్డర్లు పెట్టెల లెక్కన తీసుకుంటాము.
>
> ఆర్డర్‌తో 50 శాతం, సరుకు పంపే ముందు 50 శాతం చెల్లించాలి. అడ్వాన్స్ అందిన తరువాత, శాంపిల్ ఆమోదంతో కలిపి, 1,000 సంచుల వరకు 15 పనిదినాల్లో, 3,000 సంచులను 28 పనిదినాల్లో సిద్ధం చేస్తాము.
>
> ఈ రేట్లు సందేశం తేదీ నుంచి 30 రోజులు వర్తిస్తాయి. ఆర్డర్‌ను మేము లిఖితపూర్వకంగా ధ్రువీకరించిన తరువాతే ఒప్పందం ఖాయమవుతుంది.
>
> మీరు తూకం వేసి, ఉతికి చూసుకోవడానికి ప్రింటు లేని శాంపిల్ ఒకటి ఉచితంగా పంపగలము. ఏ చిరునామాకు పంపాలో తెలియజేయగలరు.
>
> ఇట్లు,
> (పేరు, హోదా, యూనిట్ పేరు, ఫోన్ నంబరు)

ఈ సందేశం చదివిన కొనుగోలుదారు ఏం చేస్తారో చూడండి. రవాణాకు సంచికి 4 అవుతుందని తమ వాళ్ల ద్వారా తెలుసుకుంటారు. సంచి తమ గోదాముకు 94కు పడుతుంది. తమ దుకాణంలో 180కి అమ్మాలనుకుంటే 86 మిగులుతుంది, అంటే అమ్మకపు ధరలో సుమారు 48 శాతం. పన్ను సంగతి వారి లెక్కల పుస్తకాలను బట్టి ఉంటుంది. మీకు ఇంత లాభం వస్తుందని మనం రాయాల్సిన పని లేదు. రాస్తే చాలాసార్లు తప్పుగానే రాస్తాం. 90కి కొని 180కి అమ్మితే కొన్న ధర మీద లాభం 100 శాతం, అమ్మిన ధరలో లాభం వాటా 50 శాతం. దుకాణాలవారు సాధారణంగా చూసేది రెండోదాన్ని. 100 శాతం లాభం అని మనం రాస్తే వారి లెక్క మనకు తెలియదని బయటపడుతుంది.

7. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

*నుంచి అన్న మాటతో రేటు చెప్పడం.* సంచి 86 నుంచి మొదలు అని రాస్తే, చదివినవారికి గుర్తుండేది 86 ఒక్కటే. తరువాత 200 సంచులకు 100 అంటే రేటు పెంచామని అనుకుంటారు. ఎప్పుడూ పరిమాణాన్ని ముందు, రేటును తరువాత రాయండి.

*మొదటే చివరి రేటు చెప్పేయడం.* బేరానికి ఇష్టపడనివారు తాము దిగగలిగిన అడుగు రేటునే రాసి పంపుతారు. అవతలివారు అలవాటుగా కొంత తగ్గించమని అడుగుతారు. అప్పుడు కాదనడం మిగులుతుంది, లేదా అసలుకే ఎసరు వస్తుంది.

*చిల్లర ధర మీద శాతం తగ్గింపుగా చెప్పడం.* మా ధరల మీద 40 శాతం తగ్గింపు అంటే, ఆ ధరలు ఏమిటో వెతుక్కునే పని వారి మీద పడుతుంది. నేరుగా సంచికి ఎంతో చెప్పండి. మనమే చిల్లరగా కూడా అమ్ముతుంటే మరో సంగతి చూసుకోవాలి. మన చిల్లర ధర 120 అని బయట కనిపిస్తుంటే, 90కి కొని 180కి అమ్మమని దుకాణాన్ని అడగడం కుదరదు. ఆ ధరను ముందు సరిచేసి, ఆ తరువాతే సందేశం పంపాలి.

*ఒకే సందేశాన్ని అందరికీ ఒకేసారి పంపడం.* మిగతా గ్రహీతల చిరునామాలు కనిపించాయా, ఇక ఆ రేటుకు విలువ లేదు. ఒక్కొక్కరికి విడిగా పంపండి, పరిమాణం అంచనాను కూడా విడిగా మార్చండి.

8. పంపే ముందు చూసుకోవాల్సినవి

- కొలత, మందం, బరువు అంకెల్లో ఉన్నాయా?
- ప్రతి రేటు ముందు దాని పరిమాణం ఉందా?
- పన్ను, రవాణా, ప్యాకింగ్, ప్రింటు: నాలుగింటి గురించీ చెప్పామా?
- పెట్టె కొలత, బరువు ఉన్నాయా?
- రేటుకు, సరుకు సిద్ధమవడానికి వేర్వేరు గడువులు ఉన్నాయా?
- కరెన్సీ పేరు రాశామా? విదేశాలకు రాసేటప్పుడు ఇది తరచుగా మరిచిపోతారు.
- శాంపిల్ ఇప్పుడే పంపగలిగేలా సిద్ధంగా ఉందా?
- పాత సందేశం నుంచి తెచ్చుకున్న మరొక సంస్థ పేరు ఎక్కడైనా మిగిలిపోయిందా?

9. జవాబు రాకపోతే, వచ్చి బేరం మొదలైతే

ఐదారు పనిదినాలు ఆగి ఒకసారి మళ్లీ రాయవచ్చు. పాత సందేశం చూశారా అని మాత్రమే అడగకుండా, వారికి పనికొచ్చే ఒక కొత్త వివరం చేర్చండి. వారి ఊరికి 20 పెట్టెల రవాణా ఖర్చు ఎంతో కనుక్కొని రాయడం అందుకు మంచి మార్గం. దానికీ జవాబు లేకపోతే రేటు తగ్గించి మూడోసారి రాయకండి. అడగకుండానే తగ్గించిన రేటు, మొదట చెప్పిన రేటు మీద నమ్మకం పోగొడుతుంది.

జవాబు వస్తే అది చాలావరకు మీ చివరి రేటు ఎంత అన్న ప్రశ్నతోనే వస్తుంది. ఊరికే తగ్గించకుండా, తగ్గింపుకు బదులుగా ఏదో ఒకటి అడగాలి. మొత్తం డబ్బు ముందే ఇస్తే సంచికి 1 తగ్గిస్తామనవచ్చు. గుడ్డను 280 నుంచి 240 జీఎస్‌ఎంకు మారిస్తే కొత్త రేటు చెబుతామనవచ్చు. ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నా, అదే రోజు పరిమాణంతో, షరతులతో సహా రాసి పంపండి.

ఎక్కువగా ఎదురయ్యే అభ్యర్థన మరొకటి ఉంది. ఏడాదిలో 3,000 తీసుకుంటాం, ఇప్పుడు 1,000 పంపండి, 86 రేటు వేయండి అంటారు. మిగతా 2,000 వస్తాయన్న హామీ ఎక్కడా ఉండదు, 3,000కు సరిపడా గుడ్డను మొత్తం చుట్టలుగా కొంటామన్న లెక్క మీదే ఆ 86 పెట్టాం. దీనికి రెండు దారులున్నాయి. 3,000 సంచులకూ ఇప్పుడే లిఖితపూర్వక ఆర్డర్ తీసుకొని, విడతల తేదీలు అందులోనే రాయించుకోవడం ఒకటి. లేదా ఇప్పుడు 90 చొప్పునే బిల్లు వేసి, మొత్తం 3,000 పూర్తయిన రోజున మొదటి వెయ్యి మీద తేడా 4,000ను చివరి బిల్లులో తగ్గిస్తామని రాసివ్వడం. నేను రెండోదాన్నే ఇస్తాను. నిజంగా 3,000 కొనే ఉద్దేశం ఉన్నవారు దానికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు.